"సిమ్ పోయింది" అని రాయకండి: డూప్లికేట్ సిమ్ లేఖలో ఏ మాట ఎందుకు ఉండాలి

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. పదేళ్లకు పైగా ఆయనది ఒకటే నంబర్. రైతుల దగ్గర, లారీ వాళ్ల దగ్గర, బ్యాంకులో, గ్యాస్ బుకింగ్‌కి, ఆధార్‌కి అన్నిచోట్లా అదే. మొన్నీమధ్య కొత్త ఫోన్ కొన్నప్పుడు పాత సిమ్ అందులో పట్టడం లేదని షాపులో కుర్రాడు కట్టర్‌లో పెట్టి నొక్కి చిన్నది చేసి ఇచ్చాడు. రెండు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున లేచేసరికి ఫోన్ మీద సిమ్ లేదని వస్తోంది, తీసి తుడిచి పెట్టినా అంతే.

బాబాయి తెల్లకాగితం తీసుకుని రెండే ముక్కలు రాశాడు: "అయ్యా, నా సిమ్ పోయింది. దయచేసి అదే నంబర్‌తో వేరే సిమ్ ఇప్పించగలరు." కింద సంతకం పెట్టి, ఆధార్ జిరాక్స్ పిన్ చేసి, కొట్లో పని చేసే కుర్రాడికిచ్చి బ్రాడీపేటలో ఉన్న కంపెనీ స్టోర్‌కి పంపాడు. పోలీస్ కంప్లయింట్ కాపీ లేకుండా కుదరదని వాళ్లు వెనక్కి పంపేశారు. పాడైన సిమ్‌కి పోలీస్ స్టేషన్ ఏంటని బాబాయికి కోపం. నాకు ఫోన్ చేసి (పిన్ని ఫోన్ నుంచి) చదివి వినిపిస్తే అప్పుడు అర్థమైంది, అంతా ఆ "పోయింది" అనే మాట దగ్గరే చెడింది.

మనం ఫ్యాన్ పోయింది అంటాం, బల్బు పోయింది అంటాం, అంటే చెడిపోయిందని. పర్సు పోయింది అంటే ఎక్కడో పడిపోయిందనో, ఎవరో కొట్టేశారనో. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లకి సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. కాగితం మీద తెలియదు. స్టోర్‌లో సిమ్ మార్చాలంటే కారణం ఏంటో నమోదు చేస్తారు, పాడవడం వేరు, పోగొట్టుకోవడం వేరు. పోగొట్టుకున్నది అయితే చాలాచోట్ల పోలీస్ కంప్లయింట్ అడుగుతారు, ఎందుకంటే ఆ కార్డు ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు. పాడైంది అయితే కార్డు మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆ అవసరం రాదు. అందుకని లేఖలో "సిమ్ కార్డు దెబ్బతింది, పనిచేయడం లేదు, ఆ కార్డు నా దగ్గరే ఉంది, చూపిస్తున్నాను" అని ఈ నాలుగు ముక్కలూ విడివిడిగా రాయాలి.

ఇంత పట్టుపట్టడం ఎందుకో తెలియాలంటే సిమ్‌లో నిజంగా ఏముంటుందో కొంచెం చూడాలి. చాలామంది ఫోన్ నంబర్ ఆ కార్డులో ఉంటుందనుకుంటారు. ముఖ్యంగా ఉండేవి వేరే. ఒకటి 15 అంకెల గుర్తింపు సంఖ్య, దాన్ని ఐఎంఎస్ఐ అంటారు. ఇంకొకటి బయటికి ఎప్పుడూ కనిపించని రహస్య తాళం, దాని జోడీ కంపెనీ దగ్గర ఉంటుంది. వీటితో పాటు కార్డుకి ఒక సీరియల్ నంబర్, అది ప్లాస్టిక్ మీద కూడా అచ్చువేసి ఉంటుంది. మీ పది అంకెల ఫోన్ నంబర్ ఫలానా ఐఎంఎస్ఐది అని చెప్పే వరస మాత్రం కంపెనీ సర్వర్‌లో ఉంటుంది.

అంటే డూప్లికేట్ సిమ్ అనే పేరే కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. మీ పాత కార్డుకి నకలు ఎవరూ తీయరు. పూర్తిగా వేరే కార్డు, వేరే ఐఎంఎస్ఐ, వేరే తాళం ఇచ్చి, సర్వర్‌లో ఆ ఒక్క వరసని మారుస్తారు. మార్చిన క్షణం నుంచి మీ కాల్స్, ఒక రోజు ఆగి మీ ఓటీపీలు కొత్త కార్డుకి వెళ్తాయి, పాతది ఉత్త ప్లాస్టిక్ ముక్క అయిపోతుంది. పాత సిమ్‌లో దాచుకున్న కాంటాక్టులు కొత్తదాంట్లోకి రాకపోవడానికి కారణం కూడా ఇదే. బాబాయి పాత ఫోన్ నుంచి వచ్చిన రైతుల నంబర్లు చాలావరకు సిమ్‌లోనే ఉండేవి, అవి తిరిగి రాలేదు, కొట్టు పుస్తకాల్లోంచి మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు దొంగ వైపు నుంచి చూడండి. మీ బ్యాంకు ఖాతాలో చొరబడాలంటే మీ ఫోన్ కొట్టేయక్కర్లేదు. మీ పేరుతో ఒక లేఖ, మీ ఆధార్ జిరాక్స్ పట్టుకుని స్టోర్‌కి వెళ్లి "నా సిమ్ పాడైంది" అని చెప్పి ఆ ఒక్క వరస మార్పించుకుంటే చాలు, ఓటీపీలన్నీ వాడికే. సిమ్ స్వాప్ మోసం అంటే ఇదే. మీరు నిజాయితీగా రాసే లేఖ, ఆ దొంగ రాసే లేఖ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కౌంటర్ వెనక ఉన్న మనిషికి ఆ రెండిటికీ తేడా తెలిసేలా చేయడమే మీ లేఖ పని. దొంగ దగ్గర లేనివి మీ దగ్గర మూడున్నాయి: పాడైన అసలు కార్డు, మీ ముఖం, ఆ కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన అసలు ప్రూఫ్. లేఖ ఆ మూడింటి చుట్టూ తిరగాలి.

రాసే ముందు ఒక పరీక్ష చేయండి, రెండు నిమిషాల పని. మీ సిమ్ తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో పెట్టండి, వాళ్ల సిమ్ మీ ఫోన్‌లో పెట్టండి. మీ సిమ్ రెండు ఫోన్లలోనూ "సిమ్ లేదు" అని వస్తే, వేరే సిమ్ మీ ఫోన్‌లో బాగా పనిచేస్తే, కార్డు పాడైనట్టే. వేరే సిమ్ కూడా మీ ఫోన్‌లో కనిపించకపోతే తప్పు ఫోన్ ట్రేలోనో లోపలి పిన్నుల్లోనో ఉంది, కొత్త సిమ్ తెచ్చినా లాభం లేదు. పీయూకే అడుగుతూ ఉంటే అది కూడా పాడవడం కాదు. సిమ్ పిన్ మూడుసార్లు తప్పు కొడితే కార్డు తాళం పడుతుంది, ఆ తాళం తీసే పీయూకే కోడ్ కంపెనీ ఇస్తుంది, కొత్త కార్డు అక్కర్లేదు. ఊహించి పీయూకే కొడుతూ పోతే మాత్రం పదోసారి తప్పుకి ఆ కార్డు శాశ్వతంగా మూసుకుపోతుంది.

అసలు భయపడాల్సింది ఇంకో రకం ఉంది. కార్డుని ఫోన్ గుర్తుపడుతోంది, కంపెనీ పేరు కూడా ఒక్కోసారి కనిపిస్తోంది, కానీ ఉన్నట్టుండి సిగ్నల్ మొత్తం పోయింది, పక్కవాళ్లకి అదే కంపెనీ సిగ్నల్ బాగానే ఉంది. ఇలాంటప్పుడు కార్డు పాడైందనుకుని సాయంత్రం చూద్దాంలే అని ఊరుకోకండి. మీ నంబర్‌ని ఎవరో ఇప్పటికే వేరే కార్డు మీదకి మార్పించుకున్నారేమో అన్నది ముందు తేల్చుకోవాలి. అదే కంపెనీ సిమ్ ఉన్న ఇంకొకరి ఫోన్ నుంచి కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి కాల్ చేసి "నా నంబర్ మీద ఈమధ్య సిమ్ మార్పు జరిగిందా" అని అడగండి. జరిగిందంటే వెంటనే బ్యాంకుకి, 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి చెప్పాలి, లేఖ సంగతి ఆ తర్వాత.

బాబాయి సిమ్ విషయంలో పరీక్ష స్పష్టంగా తేలింది. పిన్ని ఫోన్‌లో పెట్టినా సిమ్ లేదనే వచ్చింది. కార్డు వెలుతురులో పెట్టి చూస్తే కట్టర్ పడినచోట బంగారు రంగు రేకు అంచు కోసుకుపోయి, ఒక మూల కొంచెం లేచింది. చిన్న సైజు సిమ్ అంటే 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు, దాదాపు రేకు ఎంతుంటుందో అంతే. పాత సిమ్‌ల రేకు ఒక్కోసారి అంతకన్నా పెద్దగా ఉంటుంది, అలాంటివి కోస్తే వెంటనే కాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు తెగుతాయి. లేఖలో "కార్డు కత్తిరించినప్పుడు చిప్ దెబ్బతింది" అని కారణం ఒక్క వాక్యంలో రాస్తే, కార్డు చూసిన మనిషికి మాట, వస్తువు రెండూ సరిపోతాయి.

నేను విజయవాడ నుంచి ఆదివారం వెళ్లి కూర్చుని బాబాయితో మళ్లీ రాయించిన లేఖ ఇది.

గుంటూరు,
తేదీ: __________

స్టోర్ మేనేజర్ గారికి,

విషయం: దెబ్బతిన్న సిమ్ కార్డు స్థానంలో అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ ఇవ్వమని విన్నపం.

అయ్యా,

నా ప్రీపెయిడ్ మొబైల్ నంబర్ __________. ఈ కనెక్షన్ నా పేరు మీదే ఉంది. దరఖాస్తు ఫారంలో నా పేరు __________ అని ఉంటుంది, ఆధార్‌లో __________ అని ఉంది. రెండూ నా పేర్లే.

ఈ నంబర్ సిమ్ కార్డు కత్తిరించినప్పుడు చిప్ దెబ్బతిని __________ తేదీ నుంచి పనిచేయడం లేదు. వేరే ఫోన్‌లో పెట్టి చూసినా గుర్తించడం లేదు. కార్డు పోగొట్టుకోలేదు, దొంగతనం జరగలేదు, నా దగ్గరే ఉంది. దాన్ని ఈ లేఖతో పాటు చూపిస్తున్నాను. కార్డు మీద ఉన్న సీరియల్ నంబర్ __________.

పాత కార్డుని రద్దు చేసి, ఇదే నంబర్‌తో కొత్త సిమ్ ఇవ్వమని కోరుతున్నాను. గుర్తింపు కోసం డ్రైవింగ్ లైసెన్స్, ఆధార్ అసలు కార్డులు తెచ్చాను, నేను సంతకం చేసిన జిరాక్స్ కాపీలు జత చేశాను. అవసరమైతే మాట్లాడటానికి నా భార్య నంబర్ __________.

ఇట్లు,
(సంతకం, పూర్తి పేరు, చిరునామా)

ఇందులో పేరు గురించి ఉన్న వాక్యం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. బాబాయి ఆ కనెక్షన్ తీసుకున్నది డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చి. అందులో ఇంటిపేరు ఒక్క అక్షరమే, తర్వాత పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పైగా పేరు మధ్యలో ఖాళీ ఒకటి తేడా. మనకి అది ఒకే మనిషి అని తెలుసు, కంపెనీ స్క్రీన్ మీద చూసే మనిషికి అవి రెండు పేర్లు. అందుకే మొదటి ప్రశ్న "ఆధార్ ఉందా" అని కాకుండా "ఈ సిమ్ అప్పట్లో ఏ ప్రూఫ్ ఇచ్చి తీసుకున్నాం" అని వేసుకోవాలి. అదే ప్రూఫ్ అసలుది ఇప్పటికీ ఉంటే దాన్ని పట్టుకెళ్లండి. తేడా ఉంటే మీరే ముందుగా లేఖలో రాసేయండి, వాళ్లు కనిపెట్టి అడిగితే అనుమానం, మీరే చెబితే వివరణ.

సిమ్ అసలు మీ పేరు మీదే లేకపోతే లేఖ ఎంత బాగా రాసినా పని జరగదు. అన్నయ్య ప్రూఫ్‌తో తీసుకున్నదైతే అన్నయ్యే వెళ్లాలి. నాన్న పేరు మీద ఉండి ఆయన కాలం చేసుంటే అది డూప్లికేట్ సిమ్ కేసే కాదు, ముందు కనెక్షన్‌ని వారసుల పేరుకి మార్పించుకోవాలి. ఆయన సంతకం మనం పెట్టేసి పని కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు నాకు తెలుసు. ఇంట్లో వాళ్లమే కదా అనిపిస్తుంది కానీ, వేరేవాళ్లుగా నటించి సిమ్ తీసుకుంటే 2023 టెలికాం చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

కుర్రాడి చేత లేఖ పంపడం కూడా అందుకే కుదరదు. ఒకప్పుడు కాగితాలు ఇస్తే సరిపోయేది. కాగితాల మీద చేసే కేవైసీ 2024 జనవరి 1 నుంచి ఆగిపోయింది. సిమ్ మార్చాలన్నా ఇప్పుడు కొత్త కనెక్షన్‌కి చేసినట్టే పూర్తి కేవైసీ చేస్తారు: అసలు కార్డు స్కాన్ చేసి, అక్కడికక్కడే ముఖం ఫోటో తీస్తారు, లేదా ఆధార్‌తో వేలిముద్ర వేయిస్తారు. కాబట్టి మనిషి వెళ్లాలి. మరి లేఖ ఎందుకు అంటే, కేవైసీ మీరెవరో చెబుతుంది, కార్డుకి ఏమైందో చెప్పదు. పేరులో తేడా ఎందుకో చెప్పదు. మీరు ఏ రోజు ఏం అడిగారో మీ దగ్గర రుజువు ఉంచదు. లేఖ ఈ పనులకి.

ఆధార్ దగ్గర ఇంకో చిక్కు ఉంది, పాడయ్యాకే తెలుస్తుంది. అసలు కార్డు ఇంట్లో దొరక్క, వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకుందాం అనుకుంటే ఓటీపీ వస్తుంది, ఎక్కడికి అంటే ఆధార్‌కి లింకు చేసిన ఆ చచ్చిపోయిన నంబర్‌కే. వేలిముద్రలు ఎవరూ వాడకుండా బయోమెట్రిక్ లాక్ పెట్టుకున్నవాళ్లది కూడా ఇదే పరిస్థితి, వెబ్‌సైట్‌లో లాక్ తీయాలన్నా ఓటీపీ కావాలి, అప్పుడు ఆధార్ సేవా కేంద్రానికి వెళ్లడమో, వేరే ప్రూఫ్ చూపించడమో చేయాలి. బాబాయికి డ్రైవింగ్ లైసెన్స్ ఇలా కూడా పనికొచ్చింది.

జిరాక్స్ కాపీల మీద సంతకం ఊరికే ఒక మూల పెట్టి వదిలేయకండి. "__________ నంబర్ డూప్లికేట్ సిమ్ కోసం మాత్రమే" అని తేదీతో సహా అడ్డంగా రాసి, ఆ రాత మీదుగా సంతకం చేయండి, ఫోటో, పేరు మాత్రం కనిపించాలి. ఖాళీ జిరాక్స్‌ని ఎవరైనా ఇంకో పనికి వాడుకోవచ్చు, ఈ రాత ఉన్నదాన్ని అంత తేలిగ్గా వాడలేరు. జిరాక్స్ షాపులో వాట్సాప్‌కి ఫోటో పంపి ప్రింట్ తీయించుకుంటే, వాళ్ల ఫోన్‌లోంచి దాన్ని డిలీట్ చేయించి కదలండి.

సీరియల్ నంబర్ గురించి ఒక్క మాట. మన దేశం కార్డుల మీద అది 8991తో మొదలవుతుంది, 89 అంటే టెలికాం, 91 మన దేశం. కార్డు వెనక చాలా సన్నగా రెండు మూడు వరసల్లో ఉంటుంది, ఫోన్ కెమెరాతో ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే చదవొచ్చు. కత్తిరించిన కార్డు మీద కొన్ని అంకెలు పోయి ఉంటాయి. బాబాయిది అలాగే అయింది. ఊహించి పూరించలేదు, కనిపించే అంకెలు రాసి "మిగతావి కత్తిరింపులో పోయాయి" అని రాశాం.

సోమవారం పొద్దున స్టోర్ తెరవగానే వెళ్దామని బాబాయి. నేను ఆపాను. కారణం, సిమ్ మార్చాక 24 గంటలపాటు ఆ నంబర్‌కి ఎస్సెమ్మెస్‌లు రావు, దాన్నుంచి పోవు. ఇది స్టోర్ వాళ్ల ఆలస్యం కాదు, టెలికాం శాఖ పెట్టిన నిబంధన. ఎవరైనా దొంగతనంగా మార్పించుకున్నా ఆ ఒక్కరోజు ఓటీపీ అందకుండా, అసలు మనిషికి తేరుకునే సమయం దొరకాలని. కాల్స్ వస్తాయి, నెట్ వస్తుంది, ఓటీపీ రాదు. యూపీఐ యాప్‌లు సిమ్ మారిందని గుర్తుపట్టి మళ్లీ రిజిస్టర్ చేసుకోమంటాయి, దానికి మన ఫోన్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్లాలి, అది కూడా ఆగుతుంది. ఇది తెలియక, సిమ్ తెచ్చుకుని, ఓటీపీ రావట్లేదని మళ్లీ స్టోర్‌కి పరిగెత్తి టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

బాబాయికి సోమవారం రైతుల ఖాతాలకి డబ్బు పంపే పని ఉంది, అది కొట్టు యజమాని లాగిన్‌తో ముందు పూర్తి చేయించుకున్నాడు. మంగళవారం కరెంటు బిల్లు, మనవరాలి స్కూలు ఫీజు పిన్ని ఫోన్ నుంచి కట్టేశారు. ఆ తర్వాత అదే రోజు మధ్యాహ్నం మూడింటికి స్టోర్‌కి వెళ్లాం. వాట్సాప్ మాత్రం వైఫైతో నడుస్తూనే ఉంది, దాన్ని తీసేసి మళ్లీ వేయొద్దని చెప్పాను, మళ్లీ లాగిన్ అవ్వాలంటే నంబర్ పనిచేయాలి కాబట్టి.

అలాగని మరీ వాయిదా వేయడం కూడా మంచిది కాదు. ప్రీపెయిడ్ నంబర్ వరసగా 90 రోజులు దేనికీ వాడకుండా, బ్యాలెన్స్ 20 రూపాయల కన్నా తక్కువ ఉంటే కంపెనీ ఆపేయొచ్చు. పాడైన సిమ్‌ని డ్రాయర్‌లో పడేసి రెండో నంబర్‌తో నెట్టుకొచ్చేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు. ఆగిపోయిన నంబర్ కొంతకాలం తర్వాత ఇంకొకరికి వెళ్తుంది, మీ ఆధార్‌కి, బ్యాంకుకి లింకు అలాగే ఉండగా. ఇంకొకటి, కంపెనీ మారదామని మనసులో ఉంటే, సిమ్ మార్చాక ఏడు రోజుల దాకా పోర్టింగ్ కోడ్ ఇవ్వరు, 2024 జూలై 1 నుంచి ఇది అమల్లో ఉంది.

హైదరాబాద్‌లో తీసుకున్న నంబర్‌కి ఇక్కడ సిమ్ ఇస్తారా అని చాలామంది అడుగుతారు. రాష్ట్రాలు విడిపోయినా టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్, కాబట్టి సర్కిల్ అడ్డం రాదు. చెన్నైలోనో బెంగళూరులోనో చదువుకునేటప్పుడు తీసుకున్న నంబర్ అయితే అది వేరే సర్కిల్, ప్రయాణం పెట్టుకునే ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఇక్కడి స్టోర్‌లో ఇస్తారో లేదో కనుక్కోండి.

స్టోర్‌లో మాకు పట్టింది అరగంట. అమ్మాయి కార్డు చూసింది, కోసుకుపోయిన అంచు చూసింది, పోలీస్ కంప్లయింట్ ఊసే ఎత్తలేదు. పేర్ల తేడా దగ్గర ఆగి, లైసెన్స్ తీసుకుని స్క్రీన్‌తో పోల్చుకుని సరే అంది. లైసెన్స్ స్కాన్ చేసి బాబాయి ఫోటో తీసింది. లేఖ మేం రెండు కాపీలు తీసుకెళ్లాం, రెండోదాని మీద స్టోర్ ముద్ర, తేదీ, సంతకం వేయించుకున్నాం, రిక్వెస్ట్ నంబర్ కూడా దాని మీదే రాయించాం. మొదట ఆ అమ్మాయి మా దగ్గర ముద్ర వేసే పద్ధతి లేదండీ అంది, లోపల అడిగొచ్చి వేసింది. అడగడానికి మొహమాటపడకండి. కొత్త సిమ్ పనిచేయకపోయినా, ఎప్పుడు మార్చారన్న దాని మీద తగువు వచ్చినా, 198కి ఫోన్ చేసినప్పుడు చెప్పడానికి ఆ నంబర్, ఆ తేదీ మీ చేతిలో ఉండాలి.

సాయంత్రం ఆరున్నరకి కొత్త కార్డుకి సిగ్నల్ వచ్చింది. పాత కార్డుని ఈసారి కత్తెరతో చిప్ మధ్యగా కోసి పడేశాం. బుధవారం రాత్రి ఏడు దాటాక బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే, ఎస్సెమ్మెస్‌లు మళ్లీ మొదలైనట్టే అని బాబాయి యూపీఐ రిజిస్టర్ చేసుకుని, ముద్ర వేసిన లేఖ కాపీని లైసెన్స్‌తో కలిపి బీరువాలో పెట్టాడు.